చుక్కకు ఇల్లు కావాలి

"చుక్క. నాటు ఆడకుక్క. వయసు సుమారు ఏడాదిన్నర, బరువు 15 కిలోలు. తేనె రంగు ఒళ్లు, నుదుటి మీద తెల్ల మచ్చ. బండి గుద్దితే కుడి వెనక కాలు విరిగింది. అతుక్కుంది గానీ పరుగెత్తేటప్పుడు కాస్త కుంటుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, టీకాలన్నీ వేశాం. కొత్తవాళ్లొస్తే ముందు దూరంగా నిలబడి చూస్తుంది. మనం కింద కూర్చుని పట్టించుకోనట్టు ఉంటే పది నిమిషాల్లో తనే వచ్చి చెయ్యి వాసన చూస్తుంది. పైనుంచి తల మీద చెయ్యి వేస్తే వెనక్కి తగ్గుతుంది. మగకుక్కలతో ఆడుతుంది. ఒక ఆడకుక్కతో గిన్నె దగ్గర రెండుసార్లు గొడవపడింది. చీపురు, గొడుగు చూస్తే మూల చేరుతుంది. చిన్నపిల్లలతో ఎలా ఉంటుందో తెలియదు. పిల్లులతో కలిపి చూడలేదు.

షరతులు: హైదరాబాద్‌లో ఉండేవాళ్లకే ఇస్తాం. ఇంట్లోవాళ్లంతా వచ్చి చూడాలి. అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం కావాలి. ఇంట్లో మనిషిలా ఉంచుకోవాలి, గొలుసుతో కట్టేయకూడదు, కాపలాకి ఇవ్వం. మేం వచ్చి ఇల్లు చూస్తాం. 15 రోజులు మీ దగ్గర ఉన్నాకే సంతకాలు. ఎప్పుడు కుదరకపోయినా మాకే తిరిగివ్వాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు."

ఇది ఫలానా షెల్టర్ పెట్టిన ప్రకటన కాదు. మన దగ్గర జంతు సంరక్షణ కేంద్రాలు దత్తత కోసం పెట్టే ప్రకటనలు ఎలా ఉంటాయో, మంచివైతే ఎలా ఉంటాయో చూపించడానికి కూర్చిన నమూనా. ఫోటో చూసి ముచ్చటపడి ఫోన్ చేసేవాళ్లలో చాలామందికి కింది సగం దగ్గరికొచ్చేసరికి చిరాకు పుడుతుంది. వీధికుక్కని పెంచుకుంటామంటే మెచ్చుకోవాల్సింది పోయి ఇన్ని రూల్సా అని. కానీ పై సగాన్ని నిదానంగా చదివితే కింది సగం దాదాపు అందులోంచే పుట్టుకొచ్చిందని తెలుస్తుంది.

ముందు, చుక్కలాంటిది షెల్టర్‌లోకి ఎలా వస్తుంది? ఊళ్లో పట్టుకెళ్లిన కుక్కలన్నీ దత్తతకి ఉంటాయనుకోవడం పొరపాటు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కని పట్టి, ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. చెవి అంచున చిన్న కత్తిరింపు కనిపిస్తే దానికి ఆపరేషన్ అయిందని గుర్తు. దత్తత జాబితాలోకి వచ్చేవి ప్రధానంగా మూడు రకాలు. తల్లి చనిపోయిన కూనలు, ప్రమాదంలో దెబ్బతిని తిరిగి రోడ్డు మీద బతకలేనివి, ఎవరో పెంచుకుని వదిలేసినవి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల కేసులో ఇచ్చిన ఉత్తర్వులో, ఇష్టమున్నవాళ్లు దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చని, అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదేనని చెప్పింది. మళ్లీ వీధిలోకి రాకుండా చూడటం అనే ఈ ఒక్క మాట కోసమే షెల్టర్ల షరతుల్లో సగం పుట్టాయి.

ఇక స్వభావం గురించి రాసిన వాక్యాలు. ఇలాంటి ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే మాటలు "చాలా ఫ్రెండ్లీ", "ముద్దొచ్చే పిల్ల", "ఎనర్జీ ఎక్కువ". వీటివల్ల చదివేవాడికి తెలిసేది ఏమీ లేదు. ఫ్రెండ్లీ అంటే రోజూ అన్నం పెట్టే ఆయాతోనా, మొదటిసారి చూసిన మనిషితోనా? ఎనర్జీ ఎక్కువంటే ఉదయం అరగంట నడిపిస్తే సరిపోతుందా, సోఫా చింపేస్తుందా? చుక్క ప్రకటనలో విశేషణాలు లేవు. ఏం జరిగినప్పుడు ఏం చేసిందో మాత్రమే ఉంది. "పైనుంచి తల మీద చెయ్యి వేస్తే వెనక్కి తగ్గుతుంది" అన్న వాక్యం చదివినవాడు మొదటిరోజు పక్కన కూర్చుని, అది వస్తే గదవ కింద నిమురుతాడు. "కాస్త బిడియం" అని చదివినవాడు బిడియం పోగొడదామని తల నిమరబోతాడు.

చూసింది రాసినా కూడా అది షెల్టర్‌లో చూసిందే. ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. చుట్టూ యాభై కుక్కలు మొరుగుతుంటే, ఫినాయిల్ వాసన మధ్య, జాలీ తలుపు వెనక ఉన్న కుక్క తన మామూలు స్వభావంలో ఉండదు. అమెరికాలో మైకేల్ హెన్నెసీ బృందం 1997లో ఒక షెల్టర్ కుక్కల రక్తంలో కార్టిసాల్ కొలిచింది. ఒత్తిడిలో ఒంట్లో పెరిగే హార్మోన్ అది. వచ్చిన మొదటి మూడు రోజుల్లో ఉన్న కుక్కల్లో అది బాగా ఎక్కువగా ఉంది. కాబట్టి చేరిన రెండోరోజు ఫోటో తీసి, "ఎంత నెమ్మదో, ఒక్క మాటా మొరగదు" అని రాస్తే, ఆ నెమ్మది భయంతో బిగుసుకుపోవడం కావచ్చు. ఇంటికెళ్లిన మూడు వారాలకు అదే కుక్క పాలవాడిని చూసి గొంతు చించుకుంటే ఇంటివాళ్లు షెల్టర్ అబద్ధం చెప్పిందనుకుంటారు. అబద్ధం కాదు, తొందరపడి రాశారంతే.

మరి పరీక్ష పెట్టి తేల్చుకోవచ్చు కదా? పాశ్చాత్య షెల్టర్లలో చాలాకాలం అదే చేశారు. కర్రకి కట్టిన ప్లాస్టిక్ చెయ్యిని గిన్నెలో పెట్టి కుక్క కరుస్తుందా లేదా చూడటం, బొమ్మ పిల్లాడిని ఎదురుగా నిలబెట్టడం లాంటివి. 2016లో గ్యారీ పాట్రొనెక్, జానిస్ బ్రాడ్లీ ఈ పరీక్షల మీద ఒక వ్యాసం రాస్తూ, ఇవి బొమ్మా బొరుసా వేసుకోవడం కంటే మెరుగేమీ కాదని శీర్షికలోనే తేల్చేశారు. వాళ్ల వాదనను ఒక ఊహా లెక్కతో చూద్దాం. షెల్టర్‌లో 100 కుక్కలున్నాయి, వాటిలో నిజంగా ప్రమాదకరమైనవి 10 అనుకుందాం. మన పరీక్ష పదింటిలో ఎనిమిదిసార్లు సరిగ్గా చెబుతుంది. చాలా మంచి పరీక్షే. ఆ పదింటిలో ఎనిమిదిని పట్టుకుంటుంది. కానీ మిగతా 90 మంచి కుక్కల్లో 18ని కూడా చెడ్డవని చెబుతుంది. అంటే "ఇది కరుస్తుంది" అని ముద్ర పడ్డ 26లో 18 మీద పడ్డ ముద్ర తప్పు. కరిచేవి తక్కువగా ఉన్న గుంపులో ఏ పరీక్షకైనా ఇదే గతి.

అందుకే తెలిసినవాళ్లు పరీక్ష ఫలితం రాయరు, సంఘటన రాస్తారు. "తిండి దగ్గర కోపిష్టి" అనకుండా "ఒక ఆడకుక్కతో గిన్నె దగ్గర రెండుసార్లు గొడవ" అంటారు. గొడవ మనిషితో కాదు, కుక్కతో. ఒకే గదిలో రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టినప్పుడు. ఇంట్లో అదొక్కతే ఉంటే ఆ పరిస్థితే రాకపోవచ్చు. షెల్టర్‌లో గిన్నె కాపలా కాసిన కుక్కలన్నీ ఇంట్లోనూ అలాగే చెయ్యవని దత్తత తర్వాత ఆరా తీసిన అధ్యయనాల్లోనూ తేలింది. అలాగని పట్టించుకోకుండా ఉండకూడదు. తింటున్న కుక్క మనం దగ్గరికి రాగానే నమలడం ఆపి, గిన్నె మీద వంగి, కదలకుండా బిగుసుకుపోయి, తల తిప్పకుండా కంటి తెల్లగుడ్డు కనబడేలా పక్కకి చూసిందంటే అది హెచ్చరిక. ఆ తర్వాత గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం పోదు. ముందుగా ఏ చప్పుడూ లేకుండా కరిచే కుక్కలు కొన్ని ఇలా తయారైనవే.

షెల్టర్ గోడల బయట కుక్క ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి పరీక్షల కంటే నాకు నమ్మకంగా కనిపించేది ఫోస్టర్ పద్ధతి. అంటే దత్తతకి ముందు ఎవరైనా వాలంటీరు కొద్దిరోజులు ఇంట్లో పెట్టుకోవడం. లీసా గంటర్ బృందం 2019లో అమెరికాలోని ఐదు షెల్టర్లలో 207 కుక్కల్ని ఒకటి రెండు రాత్రులు ఇళ్లకు పంపి చూస్తే, ఇంట్లో ఉన్నప్పుడు కార్టిసాల్ తగ్గింది. షెల్టర్‌కి తిరిగొచ్చాక మళ్లీ పాత స్థాయికి వచ్చింది, అంతకంటే పెరగలేదు. హాయిగా నిద్రపోయిన కుక్క గురించి ఫోస్టర్ తల్లి చెప్పే నాలుగు మాటలు, కెన్నెల్‌లో నెలరోజులు చూసి రాసినదానికంటే ఎక్కువ చెబుతాయి. రాత్రి ఎక్కడ పడుకుంది, కుక్కర్ విజిల్‌కి ఏం చేసింది, ఒంటరిగా వదిలితే ఎంతసేపు ఏడ్చింది. ప్రకటనలో "ఫోస్టర్ ఇంట్లో ఉంది" అని కనిపిస్తే ఆ ఇంటివాళ్లతో మాట్లాడించమని అడగండి.

చీపురు, గొడుగు సంగతికి వద్దాం. ఈ వాక్యం చదవగానే అందరూ ఒకటే అనుకుంటారు: "పాపం, ఎవరో చీపురుతో కొట్టి ఉంటారు." అయి ఉండొచ్చు. కానీ కాకపోవడానికీ అంతే అవకాశం ఉంది. కుక్కపిల్ల పుట్టిన మూడో వారం నుంచి సుమారు పన్నెండు పద్నాలుగు వారాల దాకా ఉండే కాలంలో ఏవి చూస్తే అవి దానికి మామూలు వస్తువులవుతాయి. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అమెరికాలో ఏళ్ల తరబడి కూనల్ని పెంచి గమనించి 1965లో ప్రచురించిన పుస్తకంతో ఈ విషయం స్థిరపడింది. ఆ వారాల్లో చుక్క ఏ కట్టుబడి జరుగుతున్న బిల్డింగ్ వెనకో, ఏ చెత్తకుప్ప పక్కనో ఉంది. టాటా ఏస్ బండ్లు, ఇటుకలు, కూలీల కాళ్లు చూసింది. ఫట్‌మని తెరుచుకునే గొడుగుని చూడలేదు. ఏడాది దాటాక మొదటిసారి చూసింది, హడలిపోయింది. కొట్టినవాడు ఎవరూ లేకపోయినా భయం ఇంతే గట్టిగా ఉంటుంది.

ఈ తేడా ఎందుకంటే, "పాపం కొట్టారు" అనుకున్న ఇంటివాళ్లు ఓదారుస్తూ ఎత్తుకుని తిరుగుతారు, లేదా ఇంట్లో చీపురే కనబడకుండా దాస్తారు. రెండూ పనికిరావు. చీపురుని గది మధ్యలో నేల మీద పడేసి వదిలేయాలి. కుక్క ఎంత దూరంలో ఉంటే స్థిమితంగా ఉందో చూసుకుని అక్కడ ఉడికించిన చికెన్ ముక్క వేయాలి. తింటే ఆ దూరం సరిపోయింది. ఇష్టమైన ముక్క కూడా ముట్టకపోతే బాగా భయపడిందన్నమాట, ఇంకా దూరం జరగాలి. రోజుకి కొద్దిసేపు చొప్పున ఆ దూరం తగ్గించుకుంటూ రావాలి. బొత్తిగా బెదిరిన కుక్క తినదన్న ఈ చిన్న గుర్తు మందుల డాక్టరు థర్మామీటరులా పనికొస్తుంది, ఖర్చు మాత్రం లేదు.

"చిన్నపిల్లలతో ఎలా ఉంటుందో తెలియదు" అన్నది ఈ ప్రకటన మొత్తంలో అన్నిటికంటే నిజాయితీగా రాసిన మాట. షెల్టర్‌కి రెండేళ్ల పిల్లలు రారు. వచ్చినా జాలీ ఇవతల నుంచే చూస్తారు. తెలియనిదాన్ని "పిల్లలతో బాగుంటుంది" అని రాసేసిన ప్రకటనలు కోకొల్లలు. ఎలా తెలిసిందని అడిగితే "మా వాచ్‌మన్ పిల్లాడితో ఆడుతుంది కదా" అంటారు. ఆ పిల్లాడికి పదకొండేళ్లుంటాయి.

ఇప్పుడు ముగ్గురు చుక్క కోసం ఫోన్ చేశారనుకుందాం. షెల్టర్‌లో దత్తత పనులు చూసే ఆవిడ ఎలా ఆలోచిస్తుందో చూస్తే షరతుల వెనకున్న లెక్క బయటపడుతుంది.

మొదటాయనది ఉప్పల్ వైపు సొంత ఇల్లు, పెద్ద ఆవరణ. "మేడమ్, మాకు జాగా బోలెడుంది. గేటు దగ్గర షెడ్డు కూడా వేయించిన. పగలు కట్టేస్తం, రాత్రి వదిలేస్తం."

"కాపలాకేనా సార్?"

"దొంగల భయం ఉంది కదా మేడమ్. తిండికి మాత్రం లోటు ఉండదు."

ఈయన చెడ్డవాడు కాదు, తిండికి లోటు చేయడన్నదీ నిజమే. అయినా ఇవ్వరు. చుక్క కొత్తవాళ్లని చూస్తే దూరం జరిగే కుక్క. దాని రక్షణ అంతా ఆ దూరం జరగడంలోనే ఉంది. గొలుసు వేసి గేటు దగ్గర కట్టేస్తే కొరియర్ కుర్రాడు వచ్చినప్పుడల్లా భయం ఎదురుగా ఉంటుంది, పారిపోయే దారి ఉండదు. పారిపోలేని భయస్థురాలికి మిగిలేది పళ్లు. ఆర్నెల్లలో కరుస్తుంది, కరిచిన కుక్కని మళ్లీ షెల్టరే తీసుకోవాలి, ఈసారి దాని ప్రకటన ఎవరూ చదవరు. కుక్కని అదేపనిగా పొట్టి గొలుసుతో కట్టేసి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. "కాపలాకి ఇవ్వం" అన్న షరతు మాటకొస్తే ప్రేమలాగా కనబడుతుంది గానీ నిజానికి అది కరవకుండా చూసే జాగ్రత్త.

రెండో ఫోన్ కొండాపూర్ నుంచి. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్, నాలుగో అంతస్తులో అద్దె ఫ్లాట్, రెండేళ్ల బాబు. అసోసియేషన్ వాళ్లు కుక్కలు వద్దంటున్నారట. ఇక్కడ ఒకటి తెలుసుకోవాలి. అపార్ట్‌మెంట్లలో పెంపుడు జంతువుల్ని నిషేధించే అధికారం అసోసియేషన్లకు లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ ఫ్లాట్ ఓనరు మాట వేరు. అది అద్దె ఒప్పందం వ్యవహారం. అతను ఏడాది చివర ఖాళీ చేయమంటే కొత్త ఇల్లు దొరికేదాకా కుక్క ఎక్కడుంటుంది? అందుకే కాగితం అడుగుతారు. కానీ ఈ ఇంటికి చుక్కని ఇవ్వకపోవడానికి అసలు కారణం ఓనరు కాదు, బాబు. రెండేళ్ల పిల్లాడు తూలుతూ నడుస్తాడు, మీద పడతాడు, సరిగ్గా పైనుంచే చెయ్యి వేస్తాడు, గిన్నెలో వేలు పెడతాడు. చుక్క వెనక్కి తగ్గే సందర్భాలన్నీ ఒకే మనిషి రూపంలో ఇంట్లో తిరుగుతుంటాయి. ఆవిడ వాళ్లకి వద్దు అనదు. ఫోస్టర్ ఇంట్లో పిల్లల మధ్య ఆరునెలలుగా ఉన్న ఇంకో కుక్క గురించి చెబుతుంది.

వాళ్లని ఆవిడ ఇంకో ప్రశ్న కూడా అడుగుతుంది: "అమెరికా ఆలోచన ఏమైనా ఉందామ్మా?" హైదరాబాద్ షెల్టర్లలో ఇది ఉత్త కుతూహలం కాదు. ఉద్యోగం మీద విదేశాలకి వెళ్తూ కుక్కల్ని అప్పజెప్పేవాళ్లు ఉంటారు. తీసుకెళ్లడం అసాధ్యమేమీ కాదు గానీ ఇప్పుడు ముందుచూపు కావాలి. రేబీస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో భారత్ ఉంది కాబట్టి, 2024 ఆగస్టు 1 నుంచి ఇక్కడ టీకా వేయించుకుని అమెరికాలో దిగే కుక్కకి కనీసం ఆరు నెలల వయసుండాలి, చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి, ఆ దేశం సూచించిన ఫారం మీద టీకా ధ్రువపత్రం ఉండాలి. గుర్తింపు పొందిన ల్యాబ్‌లో రేబీస్ యాంటీబాడీల రక్తపరీక్ష చేయించి ఉండాలి. ఆ పరీక్ష లేకపోతే అక్కడ 28 రోజులు క్వారంటైన్, సొంత ఖర్చుతో. వీసా వచ్చాక మొదలుపెడితే టైము చాలదు. దత్తత తీసుకున్న రోజునే చిప్ వేయించి, ఆ తర్వాత టీకా వేయించి, కార్డు మీద చిప్ నంబరు రాయించుకుంటే సగం పని అయినట్టే.

మూడో ఫోన్ సైనిక్‌పురి నుంచి, రిటైరైన టీచరుగారు. ఆయన, భార్య, తొమ్మిదేళ్ల మగకుక్క, గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. కాలు బాగాలేని కుక్కకి మెట్లు లేకపోవడం మంచిది. ఇంట్లో ఉన్నది మగది, ముసలిది. ఆడకుక్కతో పడ్డ గొడవ ఇక్కడ లెక్కలోకి రాదు, అయినా గిన్నెలు వేర్వేరు గదుల్లో పెట్టమని ఆవిడ చెబుతుంది. అనుమానం ఒక్కటే. నాటుకుక్క పన్నెండు పదమూడేళ్లు బతకొచ్చు. "మాస్టారూ, మీకేమైనా అయితే దీన్ని ఎవరు చూస్తారండీ?" అని అడగడానికి ఆవిడకి ఇబ్బందిగానే ఉంటుంది. ఆయన బెంగళూరులో ఉన్న కొడుకుతో ఫోన్‌లో మాట్లాడించి, ఫారంలో రెండో పేరుగా అతని పేరు రాస్తే సరిపోతుంది.

ఇక్కడ నాకు షెల్టర్లతో ఒక తగాదా ఉంది. కుక్క స్వభావంలోంచి పుట్టిన షరతులు ఎంత కఠినంగా ఉన్నా న్యాయమే. కానీ కొన్నిచోట్ల పెళ్లికాని కుర్రాళ్లకి ఇవ్వం, ఒంటరి ఆడవాళ్లకి ఇవ్వం, ఇంత జీతం ఉండాలి అని రాస్తారు. ఈ ఊళ్లో బ్యాచిలర్లకి ఇల్లూ దొరకదు, కుక్కా దొరకదు. డబ్బు పెడితేనే విలువ తెలుస్తుందనే వాదన కూడా ఇలాంటిదే. ఎమిలీ వైస్, షానన్ గ్రామన్ 2009లో పిల్లుల విషయంలో పరిశీలిస్తే, ఉచితంగా తీసుకున్నవాళ్లకీ రుసుము కట్టి తీసుకున్నవాళ్లకీ పిల్లి మీద మమకారంలో తేడా కనబడలేదు. ఎనిమిది గంటలు ఎవరూ లేని పెద్ద కుటుంబం కంటే, ఇంటి నుంచే పని చేసుకునే ఒంటరి కుర్రాడు చుక్కకి నయం.

సరే, మాస్టారింటికి చుక్క వెళ్లింది. 15 రోజుల గడువు ఎందుకంటే, మొదటి వారంలో ఎక్కువగా జరిగే అనర్థం కరవడం కాదు, పారిపోవడం. కొత్త చోట బెదిరిన కుక్క మెడబెల్టులోంచి వెనక్కి గుంజుకుని క్షణంలో బయటపడుతుంది. మెడ దగ్గర ఒక బెల్టు, ఛాతీ చుట్టూ హార్నెస్, రెంటికీ వేర్వేరు తాళ్లు ఉండాలి. మెడబెల్టు మీద ఫోన్ నంబరు రాసిన బిళ్ల మొదటి రోజే కట్టాలి. ఇల్లు చూడ్డానికి వచ్చిన వాలంటీరు సోఫా సెట్టు చూడ్డానికి రాడు. గేటు కింద సందు ఎంతుంది, ప్రహరీ ఎత్తెంత, వీధి తలుపుకీ గేటుకీ మధ్య ఇంకో తలుపు ఉందా అని చూస్తాడు. అయినా తప్పించుకుంటే వెంటపడి పరుగెత్తకూడదు. తరిమితే ఇంకా దూరం పోతుంది. ఆపి ఉన్న కార్ల కింద, ఖాళీ ప్లాట్ల పొదల్లో వెతకాలి. కనబడితే కింద కూర్చుని, పక్కకి తిరిగి, తినేది వేయాలి. షెల్టర్‌కి వెంటనే ఫోన్ చేయాలి. సిగ్గుపడి రెండు రోజులు ఆగితే దొరికే కుక్క కూడా దొరకదు.

రెండు కుక్కల పరిచయం ఇంట్లో చేయకూడదు. రోడ్డు మీద, ఇద్దరు మనుషులు చెరో కుక్కని పట్టుకుని, మధ్యలో పది అడుగుల ఎడంతో ఒకే వైపు నడవాలి. ఎదురెదురుగా కాదు. అలా రెండు మూడుసార్లు నడిచాక కలిసే లోపలికి రావాలి. మొదటి మూడు రోజులు చుక్క మంచం కిందే ఉండి, సరిగ్గా తినకపోయినా కంగారు పడక్కర్లేదు. వాంతులు, రక్తంతో విరేచనాలు, జ్వరం, చిగుళ్లు తెల్లబడటం మాత్రం వెంటనే డాక్టరు చూడాల్సినవి. గోమార్లు పట్టిన వీధికుక్కల్లో టిక్ ఫీవర్ పైకి కనబడకుండా దాగి, కొత్త ఇంటి ఒత్తిడిలో బయటపడొచ్చు. చిన్నకూన అయితే పార్వో భయం ఉంటుంది. అది షెల్టర్‌లోనే సోకి, లక్షణాలు వారం తర్వాత మీ ఇంట్లో కనబడొచ్చు. ఇంతకుముందు ఆ ఇంట్లో కుక్కపిల్ల జబ్బుచేసి పోయిందా అని ఫారంలో అడిగేది అందుకే. ఆ క్రిమి మామూలు సబ్బుకి చావదు, నెలల తరబడి నేలలో ఉంటుంది.

ఇక చివరి షరతు, మాకే తిరిగివ్వాలి అన్నది. కాగితం మీద సంతకం పెట్టించుకున్నా, వదిలేసినవాడి మీద చట్టం చేయగలిగింది చాలా తక్కువ. ఆ 1960 చట్టంలో ఇలాంటి నేరానికి మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అందువల్ల షెల్టర్ బలం భయపెట్టడంలో లేదు, తిరిగి తీసుకుంటామనే హామీలో ఉంది. తిరిగిస్తే తిడతారేమో అనుకున్నవాడు రింగురోడ్డు పక్కన దించేసి పోతాడు. బాగా నడిచే షెల్టర్లలో తిరిగొచ్చిన కుక్కతో పాటు ఒక కాగితం కూడా తీసుకుంటారు. ఇంట్లో ఏ గంటకి ఏం జరిగింది, ఎవరి మీద గుర్రుమంది, అప్పుడు ఎవరు ఎక్కడున్నారు, ఎన్ని గంటలు ఒంటరిగా ఉంది, పిడుగుపడితే ఏం చేసింది అని. మాస్టారు చుక్కని వెనక్కి ఇవ్వాల్సివస్తే ఆయన రాసిచ్చే రెండు పేజీలు తర్వాతి ప్రకటనకి ముడిసరుకు. వాళ్లింటికి వచ్చే మనవడు చుక్కతో రెండు ఆదివారాలు గడిపి ఉంటే, పిల్లల గురించి "తెలియదు" అని రాసిన చోట ఈసారి వాడి వయసు, వాడు ఏం చేస్తే చుక్క ఏం చేసిందీ రాస్తారు.